65 వాట్ల ఛార్జర్ పెట్టినా ఫోను నత్తనడకే. ఛార్జర్ నకిలీదా?

ఖమ్మం_టీచరమ్మ
నా ఫోనుతో పాటు పెట్టెలో వచ్చిన ఛార్జర్ 80 వాట్లది. ఇరవై శాతం నుంచి ఎనభైకి ఇరవై నిమిషాల్లో చేరేది. ఉదయం వంట ముగించేలోపు నిండిపోయేది. బడికి లాప్‌టాప్‌నూ ఫోనునూ మోసుకెళ్తూ రెండు ఛార్జర్లు ఎందుకని మొన్న 65 వాట్ల ఛార్జర్ ఒకటి కొన్నాను. అన్ని ఫోన్లకూ ఫాస్ట్ ఛార్జింగ్ వస్తుందని దుకాణంలో గట్టిగా చెప్పారు. లాప్‌టాప్ చక్కగా ఎక్కుతోంది. ఫోను మాత్రం అదే ఇరవై నుంచి ఎనభైకి గంటా ఇరవై నిమిషాలు తీసుకుంది. 80కీ 65కీ తేడా ఐదో వంతు కూడా లేదు. అలాంటప్పుడు సమయం నాలుగింతలు ఎలా అవుతుంది? నాకు నకిలీ సరుకు అంటగట్టారేమోనని అనుమానంగా ఉంది. రెండు వేలకు పైగా పెట్టాను.

పాతబస్తీ_ఫణి
నకిలీ కాదు, తీగ లోపం. వంద వాట్ల తీగ ఒకటి కొనండి, సమస్య తీరిపోతుంది. నేనూ ఇలాగే నెల రోజులు ఇబ్బంది పడి తీగ మార్చాను.

కడప_సుబ్బు
లాప్‌టాప్ ఎక్కుతోందంటే ఛార్జర్ మంచిదే. అనుమానించాల్సింది ఫోనునే.

బెజవాడ_బోర్డు_డాక్టర్
తీగ కొనే ముందు రెండు సంగతులు చెప్పండి టీచర్‌గారూ. కొత్త ఛార్జర్‌కు ఎన్ని రంధ్రాలున్నాయి, ఫోనును ఏ రంధ్రంలో ఏ తీగతో పెట్టారు? రెండోది, ఆ ఛార్జర్ వీపు మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. పాత 80 వాట్ల ఛార్జర్ మీద ఉన్నది కూడా. పెట్టె ముందు పెద్దగా వేసిన అంకె కన్నా ఆ చిన్న అక్షరాలకే విలువ ఎక్కువ.

మనవడు_మల్లి
మా బామ్మ ఫోను రాత్రంతా ఛార్జింగులో పెట్టి వదిలేస్తుంది. అదీ ఇలాగే నెమ్మదిగా ఎక్కుతోంది. బ్యాటరీ మార్చాల్సిందేనా?

కడప_సుబ్బు
@మనవడు_మల్లి అది వేరే సంగతి. దానికి వేరే చర్చ పెట్టండి, చెబుతారు.

ఖమ్మం_టీచరమ్మ
భూతద్దం పెట్టి చదివాను. కొత్తదానికి రెండు రంధ్రాలు. ఒకటి పాత పలక ఆకారం, ఇంకొకటి చిన్న కోడిగుడ్డు ఆకారం. దాని మీద ఇలా ఉంది:

```
USB-C: 5V⎓3A  9V⎓3A  15V⎓3A  20V⎓3.25A
USB-A: 5V⎓3A  9V⎓2A  12V⎓1.5A
C+A: 45W+18W
```

పాత ఛార్జర్ మీద ఇంతే ఉంది:

```
5V⎓2A   5-11V⎓7.3A MAX
```

ఫోనుతో వచ్చిన లావుపాటి తీగనే వాడాను. అది పలక రంధ్రంలోనే పడుతుంది కాబట్టి అందులో పెట్టాను.

బెజవాడ_బోర్డు_డాక్టర్
సగం జవాబు దొరికింది. మీ ఛార్జర్‌లో 65 వాట్లు ఉన్నది కోడిగుడ్డు రంధ్రానికే. మీరు పెట్టిన పలక రంధ్రం ఎంత గింజుకున్నా 18 వాట్లు. ఆ 18 కూడా మీ ఫోనుకు అందలేదు. ఛార్జరు, ఫోను ముందు మాట్లాడుకుంటేనే ఐదు వోల్టులను దాటి పైకి వెళ్తాయి. మాట కలవకపోతే ఐదు దగ్గరే ఆగిపోతాయి. మీ లెక్క చూడబోతే ఫోను సుమారు పది వాట్లే తీసుకుంది.

మాట్లాడుకునే దారులు కూడా వేరు. మీ ఫోను కంపెనీ సొంత పద్ధతి, పాత క్వాల్‌కామ్ క్విక్ ఛార్జ్, ఇవన్నీ డేటా తీగల మీదుగా మాట్లాడతాయి. అందరిదీ అయిన పవర్ డెలివరీ, అంటే పీడీ, టైప్ సీలో ఉండే సీసీ అనే వేరే తీగ మీదుగా మాట్లాడుతుంది. పలక రంధ్రంలో ఆ తీగే లేదు. అందుకే అందులో పీడీ రాదు. మీ లాప్‌టాప్ మాట్లాడేది పీడీ. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అడిగి 65 వాట్లూ తీసుకుంటోంది.

లాప్‌టాప్ పెట్టే సీ నుంచి సీ తీగతో ఈ రాత్రి ఫోను పెట్టి చూసి సమయం చెప్పండి. రెండో రంధ్రం ఖాళీగా ఉంచండి.

పాతబస్తీ_ఫణి
తీగ మార్చమని నేను అన్నదీ అదే కదా.

బెజవాడ_బోర్డు_డాక్టర్
@పాతబస్తీ_ఫణి మారేది తీగ వాట్లు కాదు, రంధ్రం. వంద వాట్ల తీగ కొన్నా పలక రంధ్రంలో పెడితే ఇదే ఫలితం.

మీటరు_మూర్తి
నా దగ్గర యూఎస్‌బీ మీటరు ఉంది. నాదీ ఇదే తరహా 80 వాట్ల ఫోను. పీడీ ఛార్జర్ సీ రంధ్రానికి పెడితే మీటరులో 9.0 వోల్టులు, 1.45 ఆంపియర్లు చూపిస్తుంది. గుణిస్తే 13 వాట్లు. టీచర్‌గారూ, మీకు గంట పట్టవచ్చని నా అంచనా.

ఖమ్మం_టీచరమ్మ
పెట్టాను. ఇరవై నుంచి ఎనభైకి 58 నిమిషాలు. మూర్తిగారు చెప్పినట్టే వచ్చింది! గంటా ఇరవై కన్నా నయమే. కానీ నాకు ఇంకా మింగుడుపడటం లేదు. ఛార్జర్ 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇస్తానంటోంది. అంటే 27 వాట్లు. ఇస్తానన్నా ఫోను సగమే ఎందుకు తీసుకుంటోంది?

బెజవాడ_బోర్డు_డాక్టర్
ఇదే అసలు ప్రశ్న. దీనికి కాస్త వివరంగా రాస్తాను.

బ్యాటరీ వోల్టేజి నాలుగు దరిదాపుల్లో ఉంటుంది. బయటి నుంచి వచ్చేది తొమ్మిది. ఆ తొమ్మిదిని ఫోను లోపలే బ్యాటరీకి సరిపడేలా తగ్గించాలి. తగ్గించడంలో కొంత శక్తి వేడిగా పోతుంది, ఆ వేడి పుట్టేది మీ చేతిలో ఉన్న ఫోనులో. వేలిగోరంత చిప్పు చుట్టూ అంత వేడి పుడితే ఎక్కడికి పోతుంది? అందుకని ఫోను తయారుచేసినవారే స్థిరమైన 9 వోల్టుల పీడీ వస్తే ఇంతకు మించి తీసుకోకూడదని గిరి గీస్తారు. మీ ఫోనులో ఆ గిరి ఒకటిన్నర ఆంపియర్ల దగ్గర ఉంది. 9 × 1.5 = 13.5 వాట్లు. ఛార్జర్ ఇస్తానన్నంత మాత్రాన ఫోను తీసుకోవాలని లేదు.

మీ 80 వాట్ల ఛార్జర్‌లో ఆ తగ్గించే పని ఫోనులో కాదు, గోడకున్న ఛార్జర్‌లోనే జరుగుతుంది. వీపు మీద "5-11V" అని ఉంది చూశారా? బ్యాటరీకి ఈ క్షణాన ఎంత కావాలో ఫోను చెబుతుంటే ఛార్జర్ వోల్టేజిని అందుకు తగ్గట్టు జరుపుతూ ఉంటుంది. ఫోనులో మార్చాల్సిన పని తక్కువ, వేడి తక్కువ. ఒప్పో 2014లో వూక్ అని మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. అప్పట్లో 5 వోల్టులు, 4 ఆంపియర్లు. సూపర్‌వూక్ వచ్చాక 10 వోల్టులు, 5 ఆంపియర్లు. తర్వాత ఆంపియర్లు ఆరున్నర, ఏడు దాటాయి. పీడీ ఎప్పుడూ 5 ఆంపియర్లకు మించి పంపదు. మీ ఛార్జర్ ఇచ్చే 7.3 అందుకే ఆ కంపెనీ ఛార్జర్, ఆ కంపెనీ తీగ, ఆ కంపెనీ ఫోను మూడూ కలిస్తేనే వస్తుంది. ఆ లావు తీగను మామూలు తీగతో మార్చి చూడండి, 80 పోతుంది.

కడప_సుబ్బు
మరి ఆ 80 వాట్లదాన్ని నా ఫోనుకు పెడితే? మాది వేరే కంపెనీ.

బెజవాడ_బోర్డు_డాక్టర్
@కడప_సుబ్బు ఆ వీపు మీద మొదటి ముక్క చదవండి, 5V⎓2A. మీ ఫోనుకు వచ్చేది అదే, పది వాట్లు. 80 వాట్ల ఛార్జర్ పక్కింటివారి ఫోనుకు పది వాట్లదే. కొన్ని కంపెనీలు టైప్ సీ రంధ్రమున్న ఛార్జర్లలో తమ పద్ధతితో పాటు పీడీని కూడా పెడతాయి. అలాంటివి లాప్‌టాప్‌కు కూడా పనికొస్తాయి. వీపు చదివితే తెలిసిపోతుంది.

పాతబస్తీ_ఫణి
ఇంతకీ ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే ఫోను కాలిపోదా? మా మేనమామ లాప్‌టాప్ ఛార్జర్‌ను ఫోనుకు పెట్టనివ్వడు. 20 వోల్టులు ఫోనులోకి పోతే ఇంకేముంది?

మీటరు_మూర్తి
పోదు. ఫోను అడిగితేనే ఛార్జర్ వోల్టేజి పెంచుతుంది. మాటలు మొదలయ్యేవరకు 5 వోల్టులే. మాటలు కుదిరితే ఫోను తనకు కావాల్సింది ఎంచుకుంటుంది. నేను 100 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్‌కు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల డబ్బీ పెట్టి చూశాను. 5 వోల్టులు, 0.3 ఆంపియర్లు తీసుకుంది.

పాతబస్తీ_ఫణి
మంచి ఛార్జరైతే సరే. రోడ్డు పక్కన మూడు వందలకు అమ్మే ఛార్జర్ కూడా అడిగితేనే ఇస్తుందని మీరు పూచీ పడతారా?

బెజవాడ_బోర్డు_డాక్టర్
అక్కడ ఫణిగారి భయం సబబే. నా బల్ల మీదికి ఛార్జింగ్ చిప్పు కాలిపోయిన ఫోన్లు వస్తుంటాయి. చాలావాటి వెనుక ఊరూపేరూ లేని ఛార్జరో, లోపల తీగలు పక్కదానికి తాకిన తీగో ఉంటుంది. కానీ దానికీ వాట్ల అంకెకూ సంబంధం లేదు. మేనమామగారి అసలు లాప్‌టాప్ ఛార్జర్ టైప్ సీ పీడీదైతే నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

మ్యూనిక్_మాధవి
మాకు ఇక్కడ చట్టమే వచ్చింది. 2024 డిసెంబరు 28 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్లకు టైప్ సీ తప్పనిసరి. 15 వాట్లకు మించి తీసుకునేదైతే పీడీ కూడా ఉండాలి. లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ నుంచి. ఇక ఈ గొడవ ఉండదని సంతోషపడ్డాను.

బెజవాడ_బోర్డు_డాక్టర్
@మ్యూనిక్_మాధవి మంచి చట్టమే. కానీ సొంత పద్ధతిని అది నిషేధించలేదు కదా. పక్కన దాన్నీ ఉంచుకోవచ్చు.

మ్యూనిక్_మాధవి
సొంత పద్ధతి ఉన్నా పీడీ పూర్తిగా పనిచేయాలని ఉంది. అంటే రెండింట్లో ఒకే వేగం రావాలని నేను అర్థం చేసుకున్నాను.

మీటరు_మూర్తి
నాకు అలా అనిపించడం లేదండీ. పీడీ పనిచేయడం వేరు, పీడీలో 80 వాట్లు రావడం వేరు. 13.5 వాట్లు తీసుకుంటున్నది కూడా పీడీయే.

మ్యూనిక్_మాధవి
ఆ వాక్యాన్ని మీలా చదివితే కొనేవారికి ఒరిగిందేమిటి? నేను ఒప్పుకోను.

ఖమ్మం_టీచరమ్మ
చట్టం సంగతి మీరు తేల్చుకోండి. నా ఫోను కంపెనీ వెబ్‌సైటులో వివరాల పట్టిక చూశాను. అందులో ఇలా ఉంది:

```
80W, PPS 33W, PD 13.5W
```

ఈ 13.5 అర్థమైంది. మధ్యలో 33 ఉంది. అది నాకు ఎందుకు రావడం లేదు?

బెజవాడ_బోర్డు_డాక్టర్
శభాష్ టీచర్‌గారూ, అసలు తాళంచెవి మీరే పట్టుకున్నారు. పీపీఎస్ అనేది పీడీకే 2017లో వచ్చిన చేర్పు. పాత పీడీలో మెట్లు ఉంటాయి, 5, 9, 15, 20. ఫోను వాటిలో ఒక మెట్టు ఎక్కాలి, మధ్యలో నిలబడే వీలు లేదు. పీపీఎస్‌లో మెట్లకు బదులు ఏటవాలు దారి ఉంటుంది. ఫోను 8.20 అడగవచ్చు, కాసేపటికి 8.24 అడగవచ్చు. ఒక్కో అడుగు 20 మిల్లీవోల్టులు. అడగడం మానేస్తే కుదరదు, పది సెకన్లు దాటకుండా ఫోను మళ్లీ అడుగుతూనే ఉండాలి. లేదంటే తీగ లాగేశారేమోనని ఛార్జర్ వెనక్కి తగ్గుతుంది.

దీనివల్ల లాభమేమిటంటే, ఫోనులో వచ్చిన వోల్టేజిని సరిగ్గా సగం చేసే చిప్పు ఒకటి ఉంటుంది. 8.2 ఇస్తే 4.1 చేస్తుంది, ఆంపియర్లను రెట్టింపు చేస్తుంది. సగం చేయడం మాత్రమే కాబట్టి వేడి చాలా తక్కువ. ఆ పనికి బ్యాటరీకి సరిగ్గా రెట్టింపు వోల్టేజి కావాలి, అది స్థిరమైన 9తో కుదరదు. కంపెనీల సొంత పద్ధతులు ఏ కిటుకుతో వేగం తెచ్చాయో అదే కిటుకు అందరికీ ఇచ్చింది పీపీఎస్. రెండూ కలిసే చోటు ఇదే.

మీ కొత్త ఛార్జర్ వీపు మీద పీపీఎస్ అన్న ముక్కే లేదు. 3.3-11V లాంటి వరుస కూడా లేదు. లాప్‌టాప్‌కు అది అక్కర్లేదు కాబట్టి పెట్టలేదు. అందుకే మీ ఫోను 33 మెట్టును వదిలేసి 13.5కు దిగింది. ఛార్జర్ నకిలీది కాదు. మీ ఫోనుకు తగినది కాదు, అంతే.

కడప_సుబ్బు
అయితే దుకాణంలో అబద్ధం చెప్పారన్నమాట.

ఖమ్మం_టీచరమ్మ
ఆ అబ్బాయికీ తెలిసి ఉండదు పాపం. మా లెక్కల మాస్టారి దగ్గర 45 వాట్ల ఛార్జర్ ఉంది. వీపు మీద ఇలా ఉంది, రేపు అడిగి తెచ్చి చూస్తాను:

```
PPS: 3.3-11V⎓3A   3.3-21V⎓2.25A
```

పాతబస్తీ_ఫణి
65 పనిచేయని చోట 45 ఏం చేస్తుంది?

అనకాపల్లి_అరుణ
నాది శామ్‌సంగ్, 45 వాట్లు తీసుకుంటుంది. పైన రాసినలాంటి పీపీఎస్ ఛార్జర్ పెడితే `Super fast charging` అని చూపిస్తుంది, కంపెనీ వారి 45 వాట్ల ఛార్జర్ పెడితే చివర `2.0` కూడా వస్తుంది. రెండూ 45 అనే రాసి ఉన్నాయి. తేడా ఏమిటి?

బెజవాడ_బోర్డు_డాక్టర్
@అనకాపల్లి_అరుణ మీ ఫోను 45 వాట్లను 10 వోల్టులు, 4.5 ఆంపియర్ల రూపంలో అడుగుతుంది. పైన ఉన్న ఛార్జర్ 11 వోల్టుల వరుసలో 3 ఆంపియర్లకు మించి ఇవ్వదు. దాంతో ఫోను 25 వాట్ల స్థాయికి దిగుతుంది. మీకు 3.3-11V పక్కన 5A లేదా 4.5A అని ఉన్నది కావాలి. తీగ కూడా 5 ఆంపియర్లది ఉండాలి. ఫణిగారి తీగ మాట సరిగ్గా ఇక్కడ వర్తిస్తుంది. 3 ఆంపియర్లు దాటాలంటే తీగ కొసలో ఉన్న చిన్న చిప్పు "నేను 5 ఆంపియర్లు మోయగలను" అని చెప్పాలి. అది చెప్పకపోతే ఛార్జర్ 3 దగ్గరే ఆపేస్తుంది. టీచర్‌గారికి కావాల్సింది 3 ఆంపియర్లే కనుక మామూలు మంచి తీగ చాలు.

పాతబస్తీ_ఫణి
చూశారా, తీగ!

అనకాపల్లి_అరుణ
నా మటుకు 25కూ 45కూ పెద్ద తేడా కనిపించలేదు. మొదటి పావుగంట దాటాక రెండూ ఒకటే అనిపిస్తుంది. దానికోసం మళ్లీ ఛార్జరూ తీగా కొనడం దండగ.

మీటరు_మూర్తి
ఆ పావుగంటలోనే బస్సు పట్టుకోవాల్సిన వాళ్లకు దండగ కాదు.

ఖమ్మం_టీచరమ్మ
మాస్టారి ఛార్జర్ తెచ్చాను. మూర్తిగారు చెప్పాక నేనూ చిన్న మీటరు తెప్పించాను. ఇరవై శాతం దగ్గర పెట్టగానే 5 వోల్టులు చూపించింది, రెండు క్షణాల్లో 9కి దూకింది, వెంటనే 7.9కి దిగి అక్కడి నుంచి మెల్లగా పాకడం మొదలుపెట్టింది. 7.94, 7.98, 8.02... తులసమ్మ ముందు దీపం చూస్తున్నట్టు కళ్లార్పకుండా చూశాను. ఎనభైకి 34 నిమిషాలు! 45 వాట్లది 65 వాట్లదాన్ని ఓడించింది. ఫోను వెనుక కూడా చల్లగా ఉంది.

ఒక్క సందేహం. ఆంపియర్లు 2.95 దగ్గర ఉన్నాయి. 8 × 3 అంటే 24 వాట్లే కదా, 33 ఏది?

బెజవాడ_బోర్డు_డాక్టర్
33 అన్నది 11 × 3. వరుసలో చివరి వోల్టేజిని గుణించి రాసిన గరిష్ఠ అంకె. నిజంగా వచ్చే వోల్టేజిని నిర్ణయించేది బ్యాటరీ. మీ బ్యాటరీకి 8 చాలు కాబట్టి 24, నిండే కొద్దీ 25, 26 దాకా వెళ్లి, తర్వాత బ్యాటరీయే ఆంపియర్లు తగ్గిస్తుంది. 80 వాట్లది కూడా మొదటి కొద్ది నిమిషాలే ఆ ఎత్తున ఉంటుంది. మీటరు పెట్టి చూడాలనుకుంటే మాత్రం జాగ్రత్త, మధ్యలో మీటరు వస్తే సొంత పద్ధతులు తరచూ మాట కలపవు. పది వాట్లు చూపిస్తే కంగారు పడకండి.

మనవడు_మల్లి
మా బామ్మ ఛార్జర్ వీపు చదివాను. `5V⎓1A` అని ఉంది.

కడప_సుబ్బు
@మనవడు_మల్లి బ్యాటరీ బాగానే ఉన్నట్టుంది. బామ్మగారికి ఛార్జర్ కొనిపెట్టండి.

ఖమ్మం_టీచరమ్మ
నా లాప్‌టాప్‌కు 20V⎓3.25A కావాలి, ఫోనుకు 3.3-11V⎓3A పీపీఎస్ కావాలి. రెండూ ఒకే రంధ్రంలో ఉన్నది కొంటే సరిపోతుందా? రెండు రంధ్రాలున్నది కొని రెండూ ఒకేసారి పెట్టవచ్చా?

మీటరు_మూర్తి
ఒకేసారి పెడితే పంపకం మారుతుంది. మీ ఇప్పటి ఛార్జర్ మీదే C+A: 45W+18W అని ఉంది చూడండి. రెండోది పెట్టిన క్షణాన మొదటిది ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. నా 65 వాట్లదాంట్లో ఫోను పెట్టగానే లాప్‌టాప్ ఛార్జింగ్ గుర్తు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. పైగా కొన్నింట్లో రెండూ పెట్టినప్పుడు పీపీఎస్ పోతుంది. అది వీపు మీద రాయరు, పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

బెజవాడ_బోర్డు_డాక్టర్
అవును. లాప్‌టాప్ ఒంటరిగా పెట్టే వేళలు, ఫోను పెట్టే వేళలు వేరుగా ఉంటే ఒక్క రంధ్రం 65 వాట్లది చాలు. ఇప్పటి ఛార్జర్‌ను తిరిగి ఇచ్చే గడువు ఉంటే ఇచ్చేయండి.

ఖమ్మం_టీచరమ్మ
ఏడు రోజుల గడువు, ఇవాళ ఆరో రోజు. సాయంత్రం భూతద్దం తీసుకునే వెళ్తున్నాను.